735 రూపాయల కుర్తీలో మనకు మిగిలేది ఎంత?

(ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లలో దుస్తులు అమ్మేవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒక్క కుర్తీ తీసుకుందాం. కాటన్ కుర్తీ, ఆన్‌లైన్‌లో అమ్మకం ధర 735 రూపాయలు. ఈ అంకె ఎందుకంటే లెక్క తేలిగ్గా తేలుతుంది: 5 శాతం జీఎస్టీ తీసేస్తే సరిగ్గా 700. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో పీసు 2,500 రూపాయలు దాటని రెడీమేడ్ దుస్తులకు 5 శాతమే కాబట్టి ఇక్కడున్న చాలామంది సరుకు ఈ లెక్కలోకే వస్తుంది.

ఈ కుర్తీ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 320కి కొన్నాం, పైన 5 శాతం జీఎస్టీ 16. అంటే చేతి నుంచి పోయింది 336. కవరు, లేబులు, టేపు కలిపి ప్యాకింగ్ 12. "735కి అమ్మితే 336 పోను దాదాపు 400 వస్తుంది, కమీషన్ ఓ వంద పోయినా మూడొందలు మిగులుతుంది" అనే నోటి లెక్క మన మార్కెట్లో బాగా నడుస్తోంది. అది ఎంత దూరంలో ఉందో ఒక్కో మెట్టు దిగుతూ చూద్దాం.

ముందు మంచి రోజు సంగతి. ఆర్డరు వెళ్లింది, కస్టమరు ఉంచేసుకున్నారు. రేట్ కార్డులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, తరచూ మారతాయి. అందుకని నేను ఉదాహరణకు పెట్టే రేట్ల స్థానంలో మీ కార్డులో ఉన్నవి వేసుకోండి. కమీషన్ 15 శాతం అనుకుందాం. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఆ 15 శాతాన్ని 700 మీద కాదు, మామూలుగా కస్టమరు కట్టిన 735 మీద వేస్తారు. మీది కాని జీఎస్టీ మీద కూడా కమీషన్ కడుతున్నారన్నమాట. 735లో 15 శాతం 110 రూపాయల 25 పైసలు. ఆర్డరుకు ఇంత అని ఉండే ఫిక్స్‌డ్ ఫీజు 25. అర కిలో లోపు పార్సిల్‌కు షిప్పింగ్ 65. మొత్తం 200 రూపాయల 25 పైసలు. ఈ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ, అది 36 రూపాయల 5 పైసలు. రెండూ కలిపి 236 రూపాయల 30 పైసలు కోత.

ఇంకా రెండు చిన్న కోతలున్నాయి. మార్కెట్‌ప్లేస్ మన తరఫున జీఎస్టీ కింద పట్టుకునే టీసీఎస్ 0.5 శాతం, అంటే మూడున్నర రూపాయలు. ఆదాయపు పన్ను కింద పట్టుకునే టీడీఎస్ 0.1 శాతం, అంటే 70 పైసలు. 2024కు ముందు ఇవి రెండూ ఒక్కో శాతం ఉండేవి. టీసీఎస్ ఆ ఏడాది జూలై 10 నుంచి, టీడీఎస్ అక్టోబరు 1 నుంచి తగ్గాయి. పాత ఎక్సెల్ షీట్లు వాడేవాళ్లు అక్కడ అంకెలు మార్చారో లేదో చూసుకోండి.

అన్నీ పోను బ్యాంకులో పడేది 494 రూపాయల 50 పైసలు. టీసీఎస్, టీడీఎస్ రూపంలో 4 రూపాయల 20 పైసలు మన పేరు మీదే ప్రభుత్వం దగ్గరుంటాయి కాబట్టి వాటినీ కలుపుకుందాం. 498 రూపాయల 70 పైసలు. అందులోంచి సరుకు 336, ప్యాకింగ్ 12 తీసేస్తే 150 రూపాయల 70 పైసలు. కస్టమరు ఉంచుకున్న ఆర్డరు మీద మనకు మిగిలేది ఇదే. అద్దె, మనిషి జీతం ఇంకా ఇందులో లేవు.

ఇక్కడ ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. "జీఎస్టీ 35 కట్టాలి కదా, అది తియ్యలేదేం? ఫీజుల మీద కట్టిన 36 వెనక్కి వస్తుంది కదా, అది కలపలేదేం?" రెండిటికీ జవాబు ఒక్కటే. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే అకౌంటెంటు వేసే లాభానికీ మీ ఖాతాలో కనిపించే డబ్బుకూ మధ్య తేడా పుట్టేది ఇక్కడే.

అమ్మకం మీద మనం కట్టాల్సిన జీఎస్టీ 35. దానికి ఎదురు మన దగ్గరున్న ఇన్‌పుట్ క్రెడిట్: సరుకు మీద 16, మార్కెట్‌ప్లేస్ ఫీజుల మీద 36.05, మొత్తం 52.05. కట్టాల్సినదాని కంటే క్రెడిట్ ఎక్కువ. కాబట్టి నగదుగా ఒక్క పైసా కట్టక్కర్లేదు, అందుకే 35 తియ్యలేదు. మరి మిగిలిన 17 రూపాయల 5 పైసలు? అవి క్రెడిట్ లెడ్జర్లో కూర్చుంటాయి. వచ్చే నెల కూడా ఇదే కథ కాబట్టి పేరుకుంటూనే పోతాయి. మన అమ్మకం 5 శాతం, మనం కొనే సేవ 18 శాతం. జీఎస్టీ కలపకుండా ఫీజులు అమ్మకం ధరలో 26.5 శాతం దాటాయంటే ఫీజుల మీద పన్ను ఒక్కటే మన అమ్మకం పన్నును మింగేస్తుంది.

"రీఫండ్ అడగొచ్చు కదా" అంటారు. కొన్న సరుకు మీద పన్ను రేటు, అమ్మే సరుకు రేటు కంటే ఎక్కువగా ఉన్నప్పుడు రీఫండ్ ఇచ్చే ఏర్పాటు జీఎస్టీలో ఉంది. కానీ దాని లెక్కలోకి సరుకు మీది క్రెడిట్ మాత్రమే వస్తుంది, సేవల మీది రాదు. ఈ తేడా చెల్లుతుందని 2021లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కమీషన్, షిప్పింగ్ రెండూ సేవలే. కాబట్టి ఆ 17 రూపాయలు బ్యాలెన్స్ షీట్లో ఆస్తిగా కనిపిస్తాయి గానీ, వాటితో కరెంటు బిల్లు కట్టలేం. నా లెక్కలో నేను వాటిని ఖర్చుగానే చూస్తాను.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. అదే జీఎస్టీ నంబరు మీద మీకు బజార్లో కొట్టు కూడా ఉండి, అక్కడి మార్జిన్ మీద నగదుగా పన్ను కడుతున్నారనుకోండి, ఈ క్రెడిట్ అక్కడ వాడుకోవచ్చు. అప్పుడు ఆ 17 రూపాయలు నిజమైన డబ్బే. అలాగే సరుకు రిజిస్ట్రేషన్ లేని కుట్టుపనివారి దగ్గరో నేతకారుల దగ్గరో కొంటే, ఆ 16 రూపాయల క్రెడిట్టే ఉండదు. మంగళగిరి, పోచంపల్లి సరుకు అమ్మే కొందరిది ఇదే పరిస్థితి. అప్పుడు ఫీజుల మీది 36లో 35 వాడకంలోకి వచ్చేస్తుంది, మిగిలేది రూపాయి. ఇక రిజిస్ట్రేషన్ లేకుండానో కాంపోజిషన్‌లోనో అమ్మేవాళ్లు ఉన్నారు. 2023 అక్టోబరు నుంచి వాళ్లకూ మార్కెట్‌ప్లేస్‌లలో సరుకు అమ్ముకునే వీలొచ్చింది, కాకపోతే సొంత రాష్ట్రం లోపలే. వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి 36.05 మొత్తం ఖర్చే.

క్రెడిట్ రావాలంటే మార్కెట్‌ప్లేస్ ఇచ్చే ఫీజు ఇన్వాయిస్‌లో మీ జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండాలి, ఆ ఇన్వాయిస్ మీ జీఎస్టీఆర్-2బీలో కనిపించాలి. ఫీజు ఇన్వాయిస్ ఇచ్చే ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంటే అది ఐజీఎస్టీగా వస్తుంది, కంగారు పడకండి. సెల్లర్ ప్యానెల్లో వచ్చిన నెల ఫీజు ఇన్వాయిస్‌ల మొత్తాన్నీ 2బీలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు.

టీసీఎస్ దానంతట అది మన లెడ్జర్లోకి రాదు. మార్కెట్‌ప్లేస్ తర్వాతి నెల 10వ తేదీకల్లా తన రిటర్న్ వేస్తుంది. ఆ తర్వాత మీరు జీఎస్టీ పోర్టల్లోకి వెళ్లి TDS and TCS Credit Received అన్న చోట దాన్ని ఒప్పుకుని ఫైల్ చేస్తే, అప్పుడు క్యాష్ లెడ్జర్లో పడుతుంది. చాలామంది ఈ మెట్టు ఎక్కనే ఎక్కరు. ఇందాక చెప్పిన క్రెడిట్టే ఎక్కువై నగదు అవసరం లేనివాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: క్రెడిట్ లెడ్జర్లో ఇరుక్కున్నది బయటికి రాదు, క్యాష్ లెడ్జర్లో మిగిలింది వస్తుంది. రీఫండ్ దరఖాస్తులో క్యాష్ లెడ్జర్ మిగులు అని ఎంచుకుని అడగవచ్చు. నెలకు వెయ్యి ఆర్డర్లు వెళ్లేవాళ్లకు కస్టమర్లు ఉంచుకున్న వాటి మీదే ఇది రెండున్నర వేల దాకా ఉంటుంది. టీడీఎస్ సంగతి తేలిక, ఫారం 26ఏఎస్‌లో చూసి ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవడమే.

ఇప్పుడు అసలు సంగతి, తిరిగొచ్చే సరుకు. ఇక్కడ ఒక్క ఆర్డరు లెక్క పనికిరాదు. వంద పార్సిళ్లు పంపామనుకుందాం. 12 డెలివరీ కాకుండానే తిరిగొచ్చాయి: ఇంట్లో లేరు, ఫోను ఎత్తలేదు, క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు కట్టనన్నారు. వీటిని ఆర్టీఓ అంటారు. ఇంకో 15 కస్టమరు తీసుకుని, విప్పి, చూసి తిప్పి పంపారు. నిలిచినవి 73. కుర్తీలు సైజుతో ముడిపడ్డ సరుకు. చీరకు, ఓణీకి ఈ బెడద ఇంత ఉండదు.

ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టి "రిటర్న్ 27 శాతం" అని రాసుకుంటే ఏమీ తెలియదు. నా ఉదాహరణలో ఆర్టీఓకు షిప్పింగ్ వసూలు చేయరనుకుందాం. చాలా చోట్ల అలాగే ఉంటుంది గానీ మీ కార్డులో చూసుకోండి. అప్పుడు పోయేది ప్యాకింగ్ 12 రూపాయలు, పన్నెండిటికి 144. అందులో ఒకటి తడిసి వచ్చి సగం ధరకు తేలిందంటే ఇంకో 168. మొత్తం 312. డబ్బుగా చూస్తే ఇది చిన్న దెబ్బే. సరుకు రెండు, మూడు వారాలు దారిలో తిరగడం, ఆలోపు ఆ సైజు స్టాక్ లేకపోవడం దాని అసలు ఇబ్బంది.

కస్టమర్ రిటర్న్ మాత్రం లోతుగా తెగుతుంది. కమీషన్, ఫిక్స్‌డ్ ఫీజు వెనక్కి ఇచ్చారనుకున్నా, వెళ్లేటప్పటి షిప్పింగ్ 65 పోయినట్టే. వచ్చేటప్పటి షిప్పింగ్ 85 అనుకుందాం. 150, దాని మీద జీఎస్టీ 27, కలిపి 177. మన క్రెడిట్ అప్పటికే పొంగి పొర్లుతోంది కాబట్టి ఆ 27 కూడా ఖర్చే. పైగా ఈ ఆర్డరు రద్దయింది కదా, దాని మీద అమ్మకం పన్ను లేదు, సర్దుకోవడానికి ఏమీ లేదు. ప్యాకింగ్ 12 వృథా. పదిహేనిటికి షిప్పింగ్ 2,655, ప్యాకింగ్ 180.

తర్వాత ఆ పదిహేను సంచులు విప్పి చూడాలి. పది బాగానే ఉన్నాయి, ఇస్త్రీ చేసి కొత్త కవరులో పెట్టడానికి ఒక్కోదానికి 15 రూపాయలు, అంటే 150. నాలుగు తొడిగి తీసినట్టు తెలిసిపోతుంది. చంక దగ్గర సెంటు వాసన, మెడ దగ్గర పౌడరు మరక, ట్యాగు తెగి ఉంటుంది. అవి సగానికి తేలతాయి, నష్టం 672. ఒక సంచిలో మన కుర్తీకి బదులు పాత జాకెట్టో, ఏదో గుడ్డో ఉంటుంది. క్లెయిం నెగ్గకపోతే 336 పూర్తిగా పోయినట్టే. అన్నీ కలిపితే 3,993. ఒక్కో కస్టమర్ రిటర్న్ ఖరీదు 266 రూపాయలు.

ఈ 266ని ఇందాకటి 150 రూపాయల 70 పైసల పక్కన పెట్టండి. ఒక రిటర్న్ ఒకటీ ముప్పావు అమ్మకాల లాభాన్ని తినేస్తోంది.

ఇప్పుడు వందకూ లెక్క కడదాం. నిలిచిన 73 మీద 150.70 చొప్పున 11,001 రూపాయలు వచ్చింది. అందులోంచి కస్టమర్ రిటర్న్‌లకు 3,993, ఆర్టీఓకు 312 పోతే 6,696. పంపిన ఆర్డరుకు 67 రూపాయలు. నిలిచిన ఆర్డరుకు చూస్తే 92. ఈ రెండు అంకెలనూ కలిపేసుకోకండి. సరుకు కొనాలంటే, మనిషిని పెట్టుకోవాలంటే, కవర్లు తెప్పించాలంటే పంపిన ఆర్డరు లెక్కే వాడాలి. ఎందుకంటే ప్యాకింగ్ బల్ల మీదికి వచ్చేవి వంద, డెబ్బై మూడు కాదు. ప్రకటనల ఖర్చు కూడా అంతే, క్లిక్‌కు కట్టాం, ఆ కుర్తీ తిరిగొస్తే ప్రకటన డబ్బు తిరిగి రాదు. పంపిన ఆర్డరుకు 40 రూపాయలు ప్రకటనకు పెట్టారనుకోండి, జీఎస్టీతో 47.20. చేతిలో మిగిలేది 20 రూపాయలు కూడా కాదు. మూడొందలు అనుకున్న చోట ఇరవై.

పండగ సేల్ వస్తుంది. "వంద తగ్గించండి, ఆర్డర్లు పెరుగుతాయి" అని ప్యానెల్లో సూచన కనిపిస్తుంది. 735ని 630 చేద్దాం. కమీషన్ 94.50కి దిగింది. ఫిక్స్‌డ్ ఫీజు, షిప్పింగ్ దిగలేదు. జీఎస్టీతో కోత 217.71. సరుకు, ప్యాకింగ్ పోగా నిలిచిన ఆర్డరు మీద మిగిలేది 64 రూపాయల 29 పైసలు. ధర ఏడో వంతు తగ్గితే మిగులు సగం కంటే కిందికి పడింది. రిటర్న్ ఖర్చు మాత్రం పైసా తగ్గలేదు. వంద పంపితే 73 మీద వచ్చేది 4,693, తిరిగొచ్చినవాటికి పోయేది 4,305. మిగులు 388 రూపాయలు. వంద పార్సిళ్లు కట్టి, పంపి, విప్పి, ఇస్త్రీ చేసి 388. ఆ సేల్‌లో రిటర్న్‌లు 15 నుంచి 17కి పెరిగితే ఆ 388 కూడా మునిగిపోయి నష్టంలోకి వెళ్తాం. పాత స్టాకు వదిలించుకోవడానికైతే సరే. కొత్త సరుకు కొని మరీ ఈ ధరకు అమ్మడం నాకు అర్థం కాని పని.

బరువు సంగతి ఒకటి చెప్పాలి. కుర్తీ ప్యాకింగ్‌తో సహా 420 గ్రాములు తూగుతుంది, అర కిలో స్లాబులో హాయిగా పడాలి. కానీ కొరియర్లు ఘనపరిమాణం బరువు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే కిలోలు వస్తాయి. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 30, 25, 3 సెంటీమీటర్ల ప్యాకెట్ 450 గ్రాములు. అదే ప్యాకెట్‌లో గాలి ఉండిపోయి ఎత్తు 4 అయితే 600 గ్రాములు, పై స్లాబు. స్లాబుకు 20 రూపాయలు ఎక్కువైతే జీఎస్టీతో 23.60. నిలిచిన 73కూ తిరిగొచ్చిన 15కూ వెళ్లే దారి షిప్పింగ్ పడుతుంది కాబట్టి వందకు 2,077 రూపాయలు పోయింది. 6,696 కాస్తా 4,619 అయింది, ఒక్క సెంటీమీటరుకు! కుర్తీని మడిచి, కవరు మూసేముందు అరచేత్తో గాలి బయటికి నొక్కండి. సెటిల్‌మెంట్ రిపోర్టులో వసూలు చేసిన బరువు అని ఒక వరుస ఉంటుంది, మీ 420 గ్రాముల సరుకుకు అక్కడ ఒక కిలో అని కనిపిస్తే వెంటనే అభ్యంతరం పెట్టాలి. కాటా మీద ప్యాకెట్, టేపుతో కొలత, లేబులు చదవగలిగేలా తీసిన ఫొటో ముందే ఉంచుకుంటే ఆ పని సాగుతుంది. క్లెయింకూ అంతే: తిరిగొచ్చిన సంచిని లేబులు కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి. క్లెయిం గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, వారం పోగుపెట్టి ఒకేసారి విప్పే అలవాటుంటే మానుకోండి.

ఇదంతా నా ఊహా రేట్లు. మీ అసలు అంకె ఎలా పట్టుకోవాలి? "ఈ నెల బ్యాంకులో పడింది భాగహారం ఈ నెల ఆర్డర్లు" అని వేస్తే తప్పు అంకె వస్తుంది. ఈ నెల పడిన డబ్బులో పోయిన నెల అమ్మకాలున్నాయి, ఈ నెల పంపినవాటి రిటర్న్ కోత వచ్చే నెల పడుతుంది. అమ్మకాలు పెరుగుతున్నంత కాలం ఈ తప్పు లెక్క లాభాన్నే చూపిస్తుంది. అమ్మకాలు తగ్గిన నెలలో పాత రిటర్న్‌లన్నీ ఒక్కసారి మీద పడతాయి.

అందుకని కనీసం 45 రోజులు దాటిన ఆర్డర్లే తీసుకోండి, అప్పటికి రిటర్న్ గడువూ తిరుగు ప్రయాణమూ మామూలుగా ముగిసి ఉంటాయి. ఒక షీట్లో ఆ ఆర్డర్ల నంబర్లన్నీ A కాలమ్‌లో A2 నుంచి కిందికి పెట్టండి. సెటిల్‌మెంట్ రిపోర్టులన్నీ ఒకదాని కింద ఒకటి అతికించి Settle అనే రెండో షీట్లో పెట్టండి. అందులో ఆర్డరు నంబరు A కాలమ్‌లో, పడిన లేదా కోసిన మొత్తం F కాలమ్‌లో ఉందనుకుంటే, మొదటి షీట్లో B2లో వేసి కిందికి లాగాల్సిన ఫార్ములా ఇది:

```
=SUMIFS(Settle!F:F,Settle!A:A,A2)
```

ఒక ఆర్డరుకు మూడు వేర్వేరు తేదీల్లో పడ్డా, కోసినా అన్నీ కలిసి ఒక్క అంకెగా వస్తాయి. 490 దగ్గర్లో ఉన్నవి నిలిచినవి, సున్నా ఉన్నవి ఆర్టీఓ, మైనస్ 170, 180 ఉన్నవి కస్టమర్ రిటర్న్. వీటి మధ్య ఎక్కడా ఇమడని అంకె, ఉదాహరణకు 470 కనిపిస్తే అది బరువు స్లాబో మారిన ఫీజో అయి ఉంటుంది, అవే ముందు విప్పి చూడాలి. సున్నాల్లో ఒక్కోసారి సరుకూ రాని, డబ్బూ రాని ఆర్డర్లు దొరుకుతాయి. ఆ నంబర్లను మీ దగ్గరికి వచ్చిన రిటర్న్‌ల పుస్తకంతో పోల్చుకోండి, అక్కడా లేకపోతే క్లెయిం వెయ్యండి.

చివర్లో పక్కన ఇంకో వరుస పెట్టి సైజు రాసుకోండి. మైనస్ అంకెలన్నీ సమానంగా పంచుకుని ఉండవు. పదిహేను రిటర్న్‌లలో ఏడెనిమిది ఒకే డిజైను, ఒకే సైజు దగ్గర పడ్డాయంటే ఆ బ్యాచ్‌లో ఛాతీ కొలత చార్టులో రాసినదానికంటే తక్కువ కుట్టారని అనుమానించి, టేపు పెట్టి కొలవండి. చార్టు సరిచేస్తే వందలో రిటర్న్‌లు 15 నుంచి 10కి దిగి, ఆ ఐదుగురూ సరైన సైజు తీసుకుని ఉంచుకున్నారనుకోండి. ఐదు రిటర్న్‌ల ఖర్చు 1,331 తప్పింది, ఐదు అమ్మకాల మిగులు 753 వచ్చింది. పంపిన ఆర్డరుకు 67 ఉన్నది దాదాపు 88 అవుతుంది, ధర రూపాయి పెంచకుండా.